గ్రహాలు నాలుగు, ఎత్తులు మూడు



కిందటి నెల ఆయుర్రేఖ గురించి రాశాను కదా, దానికి జవాబుగా వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రేఖల సంగతి వదిలేసి వేళ్ల మొదళ్లలో ఉండే ఎత్తుల గురించి అడిగాయి. "మా అమ్మాయి చేతిలో శని స్థానం అసలు లేదన్నారు, దోషమా?" అని ఒక తల్లి. "నా గురు స్థానం బాగా లేచి ఉంది, సర్పంచిగా నిలబడొచ్చా?" అని ఒక పెద్దమనిషి. గుంటూరు వైపు నుంచి ఒక మేనమామగారు రాసిన ఉత్తరం మాత్రం నవ్వుకుని పక్కన పెట్టేది కాదు. పెళ్లికొడుకు చిటికెన వేలి కింద ఎత్తు మరీ ఎక్కువగా ఉందని ఎవరో చెప్పగా, కుదిరిన సంబంధాన్ని వాళ్లింట్లో వదులుకోబోతున్నారు. ఆ చేతి సంగతి తర్వాత వివరంగా చెబుతాను. ముందు అందరికీ పనికొచ్చే నాలుగు ముక్కలు.

చూపుడు వేలి కింద గురుడు, మధ్య వేలి కింద శని, ఉంగరపు వేలి కింద రవి, చిటికెన వేలి కింద బుధుడు. హస్తసాముద్రికం పుస్తకం ఏది తెరిచినా ఈ నలుగురూ ఇదే వరుసలో కూర్చుని ఉంటారు. బొటనవేలి మొదట్లో శుక్రుడు, దానికి ఎదురుగా చంద్రుడు, మధ్యలో కుజుడు ఉన్నారు గానీ వాళ్ల దగ్గరికి ఈసారి వెళ్లడం లేదు. మన బజారు పుస్తకాల్లో ఈ స్థానాల గురించి ఉన్నదంతా చాలావరకు ఐరోపా, అమెరికాల నుంచి వచ్చినదే. కీరో అనే పేరుతో ప్రపంచమంతా తిరిగిన విలియం జాన్ వార్నర్ 1894లో తన పుస్తకం అచ్చు వేశాడు. ఐర్లండ్‌లో పుట్టినవాడే అయినా, ఈ విద్య భారతదేశంలో నేర్చుకున్నానని చెప్పుకునేవాడు. అమెరికాలో విలియం బెన్‌హామ్ 1900లో ఇంకా లావుపాటి గ్రంథం రాసి, మనుషుల్నే ఈ స్థానాలను బట్టి ఏడు రకాలుగా విడగొట్టాడు. మన పాత సాముద్రికుల చూపు ఎక్కువగా శంఖం, చక్రం, మత్స్యం, ధ్వజం లాంటి గుర్తుల మీద ఉండేది. ఇప్పుడు రైల్వే స్టేషను పుస్తకాల దుకాణంలో దొరికే తెలుగు పుస్తకంలో కీరో చెప్పినదీ, మన గుర్తులూ, జాతకం భాషా మూడూ కలిసిపోయి ఉంటాయి.

ఇక ఫలితాలు. ఒక్కొక్క స్థానానికీ మూడు స్థితులు చెబుతారు: నిండుగా ఉండటం, చదునుగా ఉండటం, అతిగా పెరగటం. గురు స్థానం నిండుగా ఉంటే నలుగురిలో ముందుండాలన్న కోరిక, మాటకు విలువ, దైవభక్తి, బాధ్యత మీద వేసుకునే గుణం అంటారు. చదునుగా ఉంటే ఆత్మాభిమానం తక్కువనీ, ఎవరు చెబితే వాళ్ల వెనక నడుస్తాడనీ అంటారు. అతిగా ఉంటే పెత్తనం, ఆడంబరం, తన మాటే వేదమనడం. రవి స్థానానికి అందం మీద ప్రీతి, కళలు, పేరు ప్రతిష్ఠలు చెబుతారు. అది చదునైతే సంగీతం, బొమ్మలు పట్టని మనిషి. అతి అయితే డాబు, అప్పు చేసైనా ఖర్చు పెట్టడం, పొగడ్తల మీద ఆకలి. శని స్థానానికి ఏకాంతం, పొదుపు, నిదానం, లోతైన చదువు. అది అతిగా పెరిగితే దిగులు, అనుమానం, మనుషులంటే ముఖం చాటేయడం. బుధుడికి చురుకైన బుద్ధి, మాటకారితనం, లెక్క, వ్యాపారం, వైద్యం. చదునైతే బేరం తెలియని అమాయకుడు. అతిగా ఉంటే జిత్తులమారి, అబద్ధాలకోరు, చివరికి దొంగ.

ఈ 'దొంగ' ఎక్కడి నుంచి వచ్చాడో తెలిస్తే పాఠకులకు సగం భయం పోతుంది. రోమన్ల పురాణంలో బుధ గ్రహానికి అధిపతి అయిన మెర్క్యురీ వర్తకులకూ దేవుడే, దొంగలకూ దేవుడే. వాళ్ల గురుడు జూపిటర్ దేవతలకు రాజు, కాబట్టి చూపుడు వేలి కింద అధికారం వచ్చి చేరింది. సాటర్న్ ముసలి దేవుడు, ఆయన వల్ల మధ్య వేలికి దిగులు అంటింది. అపోలో సంగీతం, కవిత్వం చూసుకునే దేవుడు, అందుకని ఉంగరపు వేలికి కళ దక్కింది. చేతులు వరసగా పరీక్షించి రాసుకున్న జాబితా కాదిది. దేవుడి స్వభావాన్ని తెచ్చి వేలి మొదట్లో పెట్టి, మంచి పాలు నిండుదనానికీ, చెడ్డ పాలు అతికీ పంచారు. మన దేశానికి వచ్చాక గురుడు దేవతల రాజుగా కాక బృహస్పతిగా, అంటే గురువుగా మారాడు. అందుకే తెలుగు పుస్తకాల్లో చూపుడు వేలి కింద పెత్తనంతో పాటు విద్య, ధర్మం కూడా కనిపిస్తాయి. చెయ్యి అదే, దేవుడు మారగానే ఫలితమూ మారింది.

సరే, చెప్పేవాళ్లు చెప్పినట్టే చూద్దాం అనుకున్నా, అసలు చిక్కు వేరే చోట ఉంది. మీ కుడి చెయ్యి ఇప్పుడే ఒకసారి చూసుకోండి. వేళ్లను మొదళ్ల దగ్గర వెనక్కి చాచి, కొసలు మాత్రం కొద్దిగా ముడవండి. పక్క నుంచి, కిటికీ వెలుగో టేబుల్ లైటో అరచేతి మీద ఏటవాలుగా పడనివ్వండి. నీడలో ఎత్తులు స్పష్టంగా లేస్తాయి. లెక్కపెట్టండి. నాలుగు కాదు, మూడే ఉంటాయి. పైగా అవి వేళ్ల కింద ఉండవు, వేళ్ల సందుల కింద ఉంటాయి: చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ ఒకటి, మధ్య వేలికీ ఉంగరపు వేలికీ నడుమ ఒకటి, ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ నడుమ ఒకటి.

దీనికి కారణం చర్మం కింద ఉంది. అరచేతి చర్మానికి అడుగున గట్టి పీచు లాంటి పొర ఒకటి మణికట్టు వైపు నుంచి బయలుదేరి, విసనకర్రలా విచ్చుకుని, నాలుగు వేళ్లకూ నాలుగు పట్టీలుగా చీలుతుంది. ప్రతి పట్టీ తన వేలి మొదటికి వెళ్లి అక్కడి చర్మాన్ని కిందికి లాగి పట్టుకుంటుంది. వేలిని ముడిచే స్నాయువు కూడా ఆ పట్టీ కిందే నడుస్తుంది. పట్టీకీ పట్టీకీ మధ్య ఉన్న ఖాళీలో కొవ్వు ఉంటుంది. పరుపు కుట్టిన చోట నొక్కుకుపోయి, కుట్టుకీ కుట్టుకీ మధ్య దూది ఉబ్బినట్టు, వేలి కింద అణిగి, వేళ్ల మధ్య లేస్తుందన్నమాట. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ఏ చేతిలోనైనా సహజంగా ఎత్తులు మూడే. నాలుగు గ్రహాలు ఆ మూడింటినీ పంచుకోవాలి.

ఆ తల్లికి జవాబు ఇక్కడే దొరికింది. మధ్య వేలికి ఇటు ఉన్న ఎత్తును చూపుడు వేలివైపు లాగి గురుడికి ఇచ్చేస్తారు. అటు ఉన్నదాన్ని రవికి ఇచ్చేస్తారు. శనికి మిగిలేది పట్టీ లాగి పెట్టిన పల్లం. ఈ విద్యలో ఉన్నవాళ్లే శని స్థానం చదునుగా ఉండటాన్ని మామూలుగా తీసుకుంటారు. మధ్య వేలి కింద నిజంగా లేచిన ఎత్తు ఉంటేనే అది ఆగి చూడదగిన విషయం. అమ్మా, మీ పాపకు దోషమేమీ లేదు, అందరిలాంటి చెయ్యే ఆ పిల్లది.

ఎత్తు వేలి కింద లేనప్పుడు అది ఎవరిదని తేల్చడం ఎలా? ఇక్కడ బెన్‌హామ్ కాస్త ఒళ్లు వంచి పని చేశాడు. కంటికి కనిపించే ఉబ్బును నమ్మవద్దు, స్థానం శిఖరం ఎక్కడుందో వెతకమన్నాడు. అరచేతి చర్మం మీద వేలిముద్రల్లో ఉన్నలాంటి సన్నని గీతలు నిండి ఉంటాయి. వేలి మొదటి మడతకు కాస్త దిగువన, మూడు వైపుల నుంచి వచ్చిన ఆ గీతలు ఒకచోట కలిసి చిన్న ముక్కూడలి అవుతాయి. భూతద్దంతో చూస్తే అందులో చిన్న త్రిభుజం కనిపిస్తుంది. అదే శిఖరం. అది వేలికి సరిగ్గా నడిమిన పడితే ఆ గ్రహం తన ఇంట్లో తాను బలంగా ఉన్నట్టు. పక్క వేలి వైపు జరిగితే పక్కవాడి గుణం కలుపుకున్నట్టు. గురు శిఖరం శని వైపు వాలితే ఆశయానికి జాగ్రత్త తోడవుతుందనీ, బుధ శిఖరం రవి వైపు వాలితే వ్యాపారానికి అభిరుచి కలుస్తుందనీ చెబుతారు. కొందరి చేతిలో ఉంగరపు వేలి కింది ముక్కూడలి అసలే ఉండదు. అది లేదని కంగారు పడకండి, ఆరోగ్యవంతుల చేతుల్లోనూ అలా ఉంటుంది.

ఈ ముక్కూడలి విషయంలో శరీరశాస్త్రం చెప్పేది నాకు జోస్యం కంటే ఆసక్తిగా ఉంటుంది. తల్లి కడుపులో ఆరేడు వారాల పిండానికి వేళ్ల సందుల కింద మెత్తని బొడిపెలు లేస్తాయి. పది, పదకొండు వారాలు వచ్చేసరికి అవి అణగడం మొదలవుతుంది, సరిగ్గా ఆ రోజుల్లోనే వాటి మీద గీతలు పడటం మొదలవుతుంది. ఒక్కొక్క బొడిపె మీద ఒక్కో వాలున గీతల గుంపు ఏర్పడుతుంది. ఆ గుంపులు ఎదురుపడిన చోట ముక్కూడలి మిగిలిపోతుంది. అయిదో నెలకల్లా గీతలు స్థిరపడతాయి, ఇక చచ్చేదాకా మారవు. బెంగాల్‌లో 1858లో ఒక కంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించుకున్న విలియం హెర్షెల్, తర్వాత తన సొంత ముద్రల్నే యాభై ఏళ్లకు పైగా దాచి, పోల్చి, మారలేదని చూపించాడు. ఈ గీతల శాస్త్రానికి హెరాల్డ్ కమ్మిన్స్ 1926లో పేరు పెట్టాడు.

అంటే శిఖరం పుట్టకముందే ఖాయమైపోయింది. ఎత్తు మాత్రం మన తిండిని బట్టీ, పనిని బట్టీ, వయసును బట్టీ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. జ్వరం పడి లేచినవాడి గురు స్థానం చదునవుతుంది, ఆత్మాభిమానం పోయిందని కాదు. ఒళ్లు చేసినవాడికి అన్నీ లేస్తాయి. అందుకే 'అతి' అన్న తీర్పు గజం బద్ద పెట్టి చెప్పేది కాదు. అదే చేతిలో మిగిలిన ఎత్తులతో పోల్చి చెప్పాలి. మూడూ సమానంగా ఉబ్బి ఉంటే అది బొద్దు చెయ్యి, అంతే. ఒక్కటే మిగతావాటిని కమ్మేసినట్టు ఉంటేనే అతి అనాలని ఈ విద్య తెలిసినవాళ్ల నియమం. సర్పంచిగా నిలబడాలనుకుంటున్న పెద్దమనిషికి ఇదే నా జవాబు. మీరు పంపిన ఫొటోలో మూడు ఎత్తులూ సమంగానే ఉన్నాయి. ఓట్ల లెక్క చేతిలో కాకుండా ఊళ్లో వేసుకోండి.

ఇక మేనమామగారి సంగతి. అబ్బాయి మోటారు సైకిళ్లు బాగుచేసే మెకానిక్, సొంత షెడ్డు ఉంది. చెయ్యి చూసినాయన బుధ స్థానం అతిగా ఉందనీ, డబ్బు దగ్గర నమ్మరాదనీ అన్నాడట. ఉత్తరంతో పాటు కుడి అరచేతి ఫొటో ఒక్కటే పంపారు. ఫొటోలో చిటికెన వేలి మొదట్లో ఉబ్బు కనిపించిన మాట నిజమే. నేను ఎడమ చేతి ఫొటో, రెండు చేతుల ముద్రలు అడిగాను. ముద్ర తీసే పద్ధతి కష్టమేమీ కాదు: స్టాంపు ప్యాడ్ సిరా అరచేతి నిండా పలచగా అద్ది, చపాతీ కర్రకు తెల్లకాగితం చుట్టి, మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా దాని మీద మెల్లగా దొర్లించాలి. బల్ల మీద కాగితం పెట్టి నొక్కితే అరచేతి గుంట అంటుకోదు, సిరా ఎక్కువైతే గీతలు మూసుకుపోతాయి.

వచ్చిన ముద్రలు చూస్తే ఎడమ చేతిలో ఆ ఉబ్బు లేదు. మామూలు మూడు ఎత్తులున్నాయి, చివరిది ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ నడుమ. కుడి చేతి ముద్రలో ఉబ్బు ఉన్న చోట గీతలు చెదిరి, మచ్చలా అంటుకున్నాయి. కొవ్వుతో లేచిన ఎత్తు మీద గీతలు చక్కగా అచ్చు పడతాయి. కాయ కాసిన చర్మం మీద అలా పడవు. అబ్బాయిని బొటనవేలితో నొక్కి చూడమన్నాను. కొవ్వు అయితే లోపలికి దిగి, వదలగానే మళ్లీ లేస్తుంది. అతనిది దిగలేదు. గట్టిగా, పసుపు పచ్చగా, అంచు తెలిసేలా ఉందని రాశారు. బిగిసిన బోల్టును విప్పడానికి పానా పట్టుకున్నప్పుడు ఒత్తిడంతా ఉంగరపు వేలు, చిటికెన వేలు మొదళ్ల మీద పడుతుంది. రోజూ అదే పని. పార పట్టే రైతు చేతిలోనూ, గునపం పట్టే కూలీ చేతిలోనూ ఇలాంటి కాయలు ఎన్ని లేవు? చెయ్యి చూసినాయన దొంగబుద్ధి అని చదివింది అబ్బాయి పడ్డ కష్టాన్ని.

శిఖరం కూడా చూశాను. ఎడమ చేతిలో బుధ శిఖరం చిటికెన వేలికి దాదాపు నడిమినే ఉంది, దాని మీద ఎత్తు లేదు. ఉన్న ఎత్తు రవితో పంచుకున్నది. బెన్‌హామ్ లెక్కనే తీసుకున్నా ఇది 'అతి' కాదు, మధ్యస్థం. ఒకవేళ నిజంగానే అతి అయినా, ఒక్క ఎత్తును చూసి మనిషిని దొంగ అనడానికి ఆ పుస్తకాలే ఒప్పుకోవు. చిటికెన వేలు వంకరా, బొటనవేలు బలహీనమా, శిరోరేఖ ఎలా ఉంది అని మిగిలిన సాక్ష్యాలన్నీ అడుగుతాయి. ఆ అబ్బాయి వేలు తిన్నగా ఉంది. ఎవరో ఒక్క నిమిషంలో, ఒక్క చెయ్యి చూసి చెప్పిన మాట అది.

అన్ని సాక్ష్యాలూ కుదిరినా ఏమవుతుందని మీరు అడగొచ్చు. వేలి కింద ఎత్తుకీ మనిషి గుణానికీ సంబంధం ఉందని పరీక్షలో నిలబడిన రుజువు నేను ఇంతవరకు చూడలేదు. ఇన్నేళ్లుగా ఈ శీర్షిక రాస్తూనే ఈ మాట అంటున్నాను, ఇందులో దాపరికం లేదు. చేతుల్ని చూడటం నాకిష్టం. అందులో మనిషి చేసిన పని, పడిన జబ్బు, వయసు కనిపిస్తాయి. నిజాయితీ కనిపించదు. మేనమామగారికి నేను రాసింది ఇదే: షెడ్డుకు సామాను ఇచ్చే విడిభాగాల కొట్టువాడిని, రెండేళ్లుగా బండి అక్కడే బాగుచేయించుకునే వాళ్లను ఇద్దరు ముగ్గురిని అడగండి, బాకీ ఎలా తీరుస్తాడో, పాత పార్టు చేతికిస్తాడో లేదో తెలుస్తుంది. అమ్మాయికి నచ్చాడా అన్నది అమ్మాయినే అడగండి.

చివరగా, జోస్యంతో పని లేకుండా మీరు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఉంగరపు వేలి కింద కొత్తగా గట్టి గడ్డలాంటిది లేచి, చర్మం గుంట పడి, ఆ వేలు మెల్లమెల్లగా లోపలికి వంగిపోతూ ఉంటే అది రవి బలం కాదు, ఇందాక చెప్పిన పీచు పొరే దళసరి అయి కుంచించుకుపోతోందని అర్థం. అరచెయ్యి బల్ల మీద బోర్లా పెడితే చదునుగా ఆనకపోతే డాక్టరుకు చూపించండి. వేలు ముడిస్తే పట్టేసి, తెరవబోతే టక్కున జారుతూ, మొదట్లో చిన్న బుడిపె చేతికి తగులుతుంటే అది కూడా వైద్యుడి పనే. అలాగే ఒక చేతిలో మాత్రమే బొటనవేలి కింది కండ గానీ, చిటికెన వేలి వైపు కండ గానీ కరిగిపోయి, తిమ్మిరి ఉంటే నరం నొక్కుకుపోయిందేమో, దెబ్బతిందేమో చూపించుకోవాలి. కుష్ఠు వ్యాధిలోనూ ఇలా జరుగుతుంది, దానికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా మందులిస్తారు. ఇలాంటి చేతిని 'చదును స్థానం' అని చదివి ఊరుకుంటే ఆలస్యం అవుతుంది.

ఇకమీదట చేతుల ఫొటోలు పంపేవాళ్లు దయచేసి రెండు చేతులూ పంపండి, వెలుతురు పక్క నుంచి పడేలా తీయండి, మీరు చేసే పని ఏమిటో ఒక్క ముక్క రాయండి. పెళ్లి సంబంధాల కోసం అయితే మాత్రం పంపవద్దు, వాటికి నేను జవాబు రాయను.

ఉంటాను.

మీ
శీర్షిక రచయిత